‘తే’ పట్టుకుని ‘విల్’ వదిలించుకోవడం: నాలుగేళ్లు వాడి చూశాక

"ఇఫ్ ఐ విల్ గో టు హైదరాబాద్ టుమారో, ఐ విల్ మీట్ హిమ్." తెలుగువాళ్ల ఇంగ్లిష్‌లో రోజూ వినబడే వాక్యం ఇది. మొదటి సగంలో ‘విల్’ ఉండకూడదని, "ఇఫ్ ఐ గో" అనాలని చాలామందికి తెలుసు. పరీక్షలో ఖాళీ పూరించమంటే సరిగ్గానే పూరిస్తారు. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు మాత్రం ‘విల్’ వచ్చేస్తుంది. ఈ ఒక్క తప్పును నోటి నుంచి తీసేయడానికి స్పోకెన్ ఇంగ్లిష్ తరగతుల్లో నాలుగేళ్లుగా నేను వాడుతున్న పద్ధతి గురించి రాస్తున్నాను. పద్ధతి చిన్నదే. ఇంగ్లిష్ సూత్రాన్ని పక్కనపెట్టి, తెలుగు వాక్యంలో ‘తే’ ఎక్కడుందో చూడాలి. ‘తే’ ఉన్న ముక్కలో ‘విల్’ పెట్టకూడదు.

ముందు తప్పు ఎక్కడ పుడుతోందో చూడాలి. ఇది మాతృభాష ప్రభావం అని తేల్చేస్తుంటారు. నా అనుభవంలో అది సరికాదు. "రేపు వాన పడితే రాను" అన్న వాక్యం తీసుకోండి. ‘రాను’ అన్నదానిలో భవిష్యత్తు ఉంది. ‘పడితే’లో ఏ కాలమూ లేదు. నిన్నకైనా, రేపటికైనా, ఎప్పుడూ జరిగేదానికైనా అదే ‘పడితే’. వ్యాకరణంలో దీన్ని చేదర్థకం అంటారు. "రేపు వాన పడుతుంది అయితే రాను" అని మనం ఎవరమూ అనం. అంటే షరతు ముక్కలో భవిష్యత్తు చెప్పకుండా, అసలు వాక్యంలో మాత్రమే చెప్పడం తెలుగుకు అలవాటే. ఇంగ్లిష్ చేసేదీ అదే.

మరి ‘విల్’ ఎక్కడి నుంచి వస్తోంది? బడిలో నేర్పిన తీరు నుంచి. "ఐ గో అంటే రోజూ వెళ్తాను, ఐ విల్ గో అంటే రేపు వెళ్తాను" అని నేర్పుతారు. దాంతో వాక్యంలో ‘రేపు’ కనబడగానే "ఐ గో" తప్పేమో అనిపించి ‘విల్’ తగిలిస్తారు. అందుకే "ప్రెజెంట్ టెన్స్ వాడు" అని ఎన్నిసార్లు చెప్పినా దిగదు. రేపటి సంగతికి ప్రెజెంట్ ఏమిటన్న అనుమానం లోపల అలాగే ఉంటుంది. "పడితేలో కాలం లేదు కాబట్టి ఇఫ్ ఇట్ రెయిన్స్ దగ్గరా విల్ లేదు" అంటే ఆ అనుమానం పోతుంది.

సాధన నేను చేయించేది ఇలా. మొదటి వారం రోజుకు పది వాక్యాలు రాసుకోవాలి, అన్నీ రేపటి పనుల గురించే. ప్రతి వాక్యాన్నీ ముందు తెలుగులో పైకి చెప్పాలి, ‘తే’ దగ్గర ఒక్క క్షణం ఆగాలి. తర్వాత ఇంగ్లిష్‌లో చెప్పాలి, అయితే ఇఫ్‌తో మొదలుపెట్టకూడదు. "ఐ విల్ కాల్ యు ఇఫ్ ఐ గెట్ డిలేడ్" అన్నట్టు అసలు వాక్యం ముందు రావాలి. దీనికి కారణముంది. ‘విల్’ను ముందే ఒకసారి వాడేస్తే భవిష్యత్తు చెప్పేశామన్న తృప్తి వస్తుంది, రెండో ముక్కలో అది మళ్లీ నోటికి రాదు. ఇఫ్‌తో మొదలుపెడితే భవిష్యత్తు ఇంకా చెప్పలేదన్న తొందరలో తొలి క్రియకే ‘విల్’ అంటుకుంటుంది. రెండో వారం అవే వాక్యాలను తిప్పి, ఇఫ్‌తో మొదలుపెట్టి చెప్పించాలి. మూడో వారం నుంచి రాసుకోవడం మానేసి, రేపటి పనుల గురించి రెండు నిమిషాలు మాట్లాడి ఫోన్‌లో రికార్డు చేసుకోవాలి. వింటూ ఇఫ్ వచ్చిన చోటల్లా ఒక గీత, దాని వెంట ‘విల్’ వస్తే సున్నా పెట్టుకోవాలి. మాట్లాడేటప్పుడు వినబడని తప్పు రికార్డులో వినబడుతుంది.

ఒక వాక్యాన్ని పూర్తిగా విప్పి చూద్దాం. ఆఫీసులో ఒకరు చెప్పదలచుకున్నది ఇది: "రేపు సర్వర్ పని చేయకపోతే డెమో శుక్రవారానికి మారుస్తాం." నోటికి వచ్చేది: "ఇఫ్ ద సర్వర్ విల్ నాట్ వర్క్ టుమారో, వి విల్ మూవ్ ద డెమో టు ఫ్రైడే." ‘చేయకపోతే’లో ‘తే’ ఉంది కాబట్టి ‘విల్’ పోవాలి. ‘మారుస్తాం’ అసలు వాక్యం కాబట్టి అక్కడ ‘విల్’ ఉండాలి. మొదటి ముక్కలో ‘విల్’ను కొట్టేస్తే "ద సర్వర్ నాట్ వర్క్" మిగులుతుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ‘విల్’ పోయిన చోట కాదు అని చెప్పడానికి ఒక సాయం కావాలి, సర్వర్ ఒక్కటే కాబట్టి ఆ సాయం ‘డజంట్’. "ఇఫ్ ద సర్వర్ డజంట్ వర్క్ టుమారో." ‘డజ్’లోనే ఎస్ చేరిపోయింది కాబట్టి "డజంట్ వర్క్స్" అనకూడదు.

పద్ధతి పుట్టించే కొత్త తప్పు కూడా ఇక్కడే ఉంది. మొదటి నెలలో ప్రతి తరగతిలోనూ దీన్ని చూస్తాను. ‘విల్’ మానినవాళ్లు "ఇఫ్ హి కమ్ టుమారో" అంటారు. నేను వస్తే, నువ్వు వస్తే, వాడు వస్తే, వాళ్లు వస్తే అని అన్నిటికీ తెలుగులో ఒకే ‘వస్తే’. ఇంగ్లిష్‌లో మాత్రం హి, షి, ఇట్ వెంట ‘కమ్స్’ రావాలి. ఇన్నాళ్లూ ‘విల్’ చాటున ఆ ఎస్ అవసరం కనబడలేదు. ‘విల్ బి’ది కూడా ఇదే ఇబ్బంది. "ఇఫ్ ఐ విల్ బి ఫ్రీ"లో ‘విల్’ ఒక్కటే తీసేసి "ఇఫ్ ఐ బి ఫ్రీ" అంటారు. ‘విల్ బి’ రెండూ కలిసే పోవాలి. వాటి స్థానంలో యామ్, ఈజ్, ఆర్‌లలో సరిపోయేది రావాలి. అందుకే నేను మొదటి వారం ఐ, యు, వి, దే లతోనే వాక్యాలు చేయిస్తాను, హి, షి, ఇట్ రెండో వారంలో తెస్తాను. రెండు మార్పులూ ఒకేసారి నేర్పబోతే రెండూ నిలబడవు.

ఇక ఈ పద్ధతి నాకు బాగా నచ్చిన చోటు. ఇఫ్ పక్కన విల్ ఎప్పుడూ రాకూడదని బట్టీ పట్టినవాళ్లు "ఐ డోంట్ నో ఇఫ్ హి విల్ కమ్" అన్న సరైన వాక్యాన్ని కూడా దిద్దేస్తారు. తెలుగు అడిగి చూడండి: "వస్తాడో రాడో తెలీదు." ఇక్కడ ‘తే’ లేదు, ‘ఓ’ ఉంది. ఇది షరతు కాదు, సందేహం. రేపటి సంగతికి ‘ఓ’ వచ్చిన చోట ‘విల్’ పెట్టాలి. ‘తే’, ‘ఓ’ల తేడా తెలుగువాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు, చెవికే తెలుసు.

ఇంకా సున్నితమైన తేడా ఒకటుంది. "వాడు రాకపోతే మనం మొదలుపెడదాం" అంటే "ఇఫ్ హి డజంట్ కమ్". "వాడు రానంటే ఏం చేస్తాం?" అంటే "ఇఫ్ హి వోంట్ కమ్". రెండోది తప్పు కాదు. అక్కడ ‘వోంట్’ భవిష్యత్తును కాదు, రావడానికి ఒప్పుకోకపోవడాన్ని చెబుతోంది. ‘రాకపోతే’, ‘రానంటే’ అని మనం ఎంత స్పష్టంగా విడదీస్తామో, ఇంగ్లిష్ కూడా ఇక్కడ అంతే స్పష్టంగా విడదీస్తుంది. "నువ్వు సాయం చేస్తానంటే" అన్నప్పుడు "ఇఫ్ యు విల్ హెల్ప్ మి" సరిపోయేదీ ఇందుకే.

‘తే’కి దగ్గరి చుట్టాలకూ ఇదే వర్తిస్తుంది. ‘వాన పడినా’ అంటే "ఈవెన్ ఇఫ్ ఇట్ రెయిన్స్". ‘ఇంటికి చేరగానే’ అంటే "యాజ్ సూన్ యాజ్ ఐ రీచ్ హోమ్". ‘చేరాక’ అంటే "ఆఫ్టర్ ఐ రీచ్" లేదా "వెన్ ఐ రీచ్". పడినా, చేరగానే, చేరాక: వీటిలోనూ కాలం లేదు, ఇంగ్లిష్‌లోనూ ‘విల్’ రాదు. ‘ఒకవేళ’ ఉన్న వాక్యాల్లో మాత్రం "ఇఫ్ సపోజ్" అని రెండూ కలిపి వాడే అలవాటు కనిపిస్తుంది. ‘ఒకవేళ’కు ఒకటి, ‘తే’కు ఒకటి అని లెక్క వేసుకోవడం వల్ల అలా వస్తుంది. ఇంగ్లిష్‌కు రెండిట్లో ఒకటి చాలు.

పద్ధతి తడబడే చోటు కూడా చెప్పాలి. "డబ్బుంటే కొంటాను", "డబ్బుంటే కొనేవాణ్ణి" ఈ రెండిట్లోనూ ఒకటే ‘ఉంటే’, ఇక్కడ ‘తే’ కాస్తా ‘టే’ అయింది. ఇంగ్లిష్‌లో మొదటిది "ఇఫ్ ఐ హావ్ ద మనీ, ఐ విల్ బై ఇట్", రెండోది "ఇఫ్ ఐ హ్యాడ్ ద మనీ, ఐ వుడ్ బై ఇట్". ‘తే’ను మాత్రమే చూస్తే ఈ తేడా దొరకదు. చివరి క్రియను చూడాలి. అక్కడ ‘కొనేవాణ్ణి, వచ్చేవాడు, చెప్పేది’ లాంటి రూపం ఉంటే, అసలు వాక్యంలో ‘వుడ్’ వస్తుంది, ఇఫ్ ముక్కలోని క్రియ ఒక మెట్టు వెనక్కి జరుగుతుంది. అప్పుడు కూడా ‘వుడ్’ ఇఫ్ పక్కకు రాకూడదు. "ఇఫ్ ఐ వుడ్ హావ్ నోన్" అనేది "ఇఫ్ ఐ విల్ గో"కు అన్నలాంటిది. ‘నాకు తెలిసుంటే చెప్పేవాణ్ణి’ అంటే "ఇఫ్ ఐ హ్యాడ్ నోన్, ఐ వుడ్ హావ్ టోల్డ్ యు". ‘తెలిసుంటే’ అన్న రూపం ఉంటే ‘హ్యాడ్ నోన్’ అని సులువుగా తడుతుంది. "నిన్న చెప్తే వచ్చేవాణ్ణి" అన్నప్పుడు ‘చెప్తే’ మామూలుగానే ఉంటుంది, జరిగిపోయిందన్న సంగతి ‘నిన్న’ను బట్టి పట్టుకోవాలి: "ఇఫ్ యు హ్యాడ్ టోల్డ్ మి యెస్టర్‌డే". వీటిని నేను మొదటి నెలలో అసలు ముట్టుకోను.

మర్యాద కోసం వాడే ‘విల్’ దగ్గర కూడా ఈ పద్ధతి సాయపడదు. "ఇఫ్ యు విల్ వెయిట్ ఎ మినిట్, ఐ విల్ చెక్" అని ఇంగ్లిష్‌వాళ్లు కౌంటర్ దగ్గర అంటారు, అది సరైనదే. తెలుగులో "ఒక్క నిమిషం ఆగితే చూసి చెప్తాను" అంటాం, అందులోనూ ‘తే’ ఉంది. ఎవరైనా అలా అంటే అర్థం చేసుకుంటే చాలు. మీరు "ఇఫ్ యు వెయిట్ ఎ మినిట్" అన్నా తప్పేమీ లేదు.

పది వాక్యాల సాధన మానకుండా చేసినవాళ్లకు చిన్న వాక్యాల్లో ‘విల్’ పోవడానికి నేను చూసినంతలో నెల, నెలన్నర పడుతుంది. పొడుగు వాక్యాల్లో ఇంకొంత కాలం వేధిస్తుంది. "ఇఫ్ ద బస్ దట్ కమ్స్ ఫ్రమ్ విజయవాడ ఇన్ ద మార్నింగ్..." అని సాగదీసి క్రియ దాకా వచ్చేసరికి, మొదట్లో ఇఫ్ అన్న సంగతి మరిచిపోయి "విల్ బి లేట్" అనేస్తారు. దానికి మందు వాక్యాన్ని విరగ్గొట్టడమే: "దేర్ ఈజ్ ఎ మార్నింగ్ బస్ ఫ్రమ్ విజయవాడ. ఇఫ్ ఇట్ ఈజ్ లేట్, ఐ విల్ టేక్ ద ట్రెయిన్." తెలుగు చదవడం, రాయడం రాకపోయినా ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు కూడా ఇది పనిచేస్తుంది, ‘తే’ చెవికి తెలిస్తే చాలు. తెలుగులో ఆలోచించడం ఎప్పుడో మానేసి నేరుగా ఇంగ్లిష్‌లోనే మాట్లాడేవాళ్లకు మాత్రం ప్రతిసారీ తెలుగులోకి వెళ్లి రావడం అడ్డుగా ఉంటుంది. వాళ్లు రికార్డు చేసుకుని గీతలు, సున్నాలు లెక్కపెట్టుకునే భాగం ఒక్కటీ తీసుకుంటే సరిపోతుంది.