ఊక బట్టీయా, బొగ్గు బట్టీయా? వెయ్యి ఇటుకల అసలు ఖర్చు

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు చేతి అచ్చు ఇటుక కాల్చేవాళ్ళని వెయ్యికి ఎంత పడిందని అడిగితే, చాలామంది బట్టీలో పేర్చిన పచ్చి ఇటుకల మీద లెక్క చెబుతారు. లోడుకెక్కేది అన్ని ఉండదు కదా. ఊక మేలా, బొగ్గు మేలా అన్నది తేలేది ట్రాక్టరెక్కిన ఇటుకల లెక్కలోనే.

40,000 పచ్చి ఇటుకల బట్టీ ఒకటి తీసుకుందాం. ధరలు లెక్క చూపడానికి పెట్టినవి, మీ ఊరి ధర వేసుకోండి. తొమ్మిదంగుళాల ఇటుక వెయ్యికి సుమారు ఒక ట్రాక్టరు లోడు మట్టి కావాలి. పొలం గుత్త, రాయల్టీ, కిరాయి కలిపి 700 అనుకుందాం. మట్టి కలిపి అచ్చు వేసే కూలి 1,100. మోత, పేర్పు, కాల్పు 500. ఇక్కడిదాకా 2,300. ఏది కాల్చినా ఇందులో తేడా లేదు.

ఊక వెయ్యికి 600 కిలోలు, కిలో 3 రూపాయలైతే 1,800. బొగ్గు 300 కిలోలు, కిలో 8 అయితే 2,400. పేర్చిన లెక్కలో ఊక వెయ్యికి 600 చవక. ఇప్పుడు బట్టీ విప్పి చూద్దాం.

| | ఊక | బొగ్గు |
|---|---|---|
| మొత్తం ఖర్చు | 1,64,000 | 1,88,000 |
| మంచి ఇటుక | 31,200 | 35,200 |
| రెండో రకం | 7,000 | 3,200 |
| ముక్కలు | 1,800 | 1,600 |
| మంచి ఇటుక వెయ్యికి | 4,808 | 5,159 |

రెండో రకాన్ని వెయ్యి 2,000కి అమ్మి, ఆ డబ్బు ఖర్చులోంచి తీసేశాక వచ్చిన అంకె చివరిది. ఊకే ఇంకా చవక, కానీ 600 తేడా కాస్తా 350కి దిగింది. ఊక కిలో మూడున్నర దాకా వెళితే ఆ కాస్తా పోతుంది. ధర అలాగే ఉన్నా, తగ్గినవన్నీ రెండో రకంలో పడి మంచి ఇటుక 27,700 కంటే దిగితే బొగ్గుదే పైచేయి. మిల్లులు జోరుగా ఆడే సంక్రాంతి రోజుల్లో ఊక కొని, తడవకుండా నిలవ చేసుకున్నవాడికే అది గిట్టుబాటు. వేసవిలో బాయిలర్లవాళ్ళతో పోటీపడి కొంటే గిట్టదు.

ఊక బట్టీలో నష్టం ఎక్కువగా అంచుల్లో. బయటి వరసల వేడి గాలికి పోయి ఇటుక కాలకుండా మిగులుతుంది. పైగా ఊకలో అయిదో వంతు బూడిదే. వెయ్యికి 120 కిలోల బూడిద వరసల మధ్య కూర్చుంటుంది. గాలి సందులు ఇరుగ్గా పెడితే మూసుకుపోయి నడిమి ఇటుక కూడా మెత్తగా ఉండిపోతుంది. ఆ బూడిద వేడిని చాలా రోజులు పట్టి ఉంచుతుంది కాబట్టి తొందరపడి విప్పితే ఇటుక నెర్రెలు కొడుతుంది.

బొగ్గు తప్పు మరో రకం. వరసల మధ్య చల్లే పొడి సమంగా పడాలి. గడ్డలు ఒకచోట పడితే అక్కడ ఇటుక కరిగి, చిట్టెం కట్టి, నాలుగైదు కలిసి ముద్దవుతాయి. గునపంతో విడదీస్తే పక్కవీ పగులుతాయి. తడి బొగ్గు కొనకండి, నీళ్ళకూ తూకం పడుతుంది.

రెండింటికీ ఉమ్మడి దొంగ తడి. పేర్చే ముందు ఒక పచ్చి ఇటుక విరిచి చూడండి. నడుమ ముదురు రంగు మచ్చ ఉంటే ఇంకా ఆరలేదు. ఇటుకలో నూటికి అయిదు పాళ్ళు తడి మిగిలినా వెయ్యికి 150 కిలోల నీళ్ళు. వాటిని ఆవిరి చేయడానికే ముప్పై కిలోల ఊక. అంతకంటే ఖరీదైనది, ఆ ఆవిరి బయటికి వచ్చేటప్పుడు ఇటుకను పగలగొట్టడం.

మంచిదేదో ఏరడానికి రెండు ఇటుకలు కొట్టి చూడండి, ఖంగుమనాలి. గోటితో గీస్తే గీత పడకూడదు. అనుమానముంటే ఎండిన ఇటుకను తూచి, ఒక రోజంతా నీళ్ళలో ఉంచి మళ్ళీ తూచండి. నూటికి ఇరవైకి మించి బరువు పెరిగితే రెండో రకంలో వేయాల్సిందే.

ఊకతోనే కాల్చేవాళ్ళకు ఒక మాట. పోయిన బట్టీలో కాలని ఇటుకను 2,000కి తెగనమ్మేకంటే కొత్త బట్టీకి బయటి వరసగా పేర్చి, పైన బురద మెత్తించండి. చలి దెబ్బ అవి తింటాయి, కొన్ని ఈసారి కాలి మంచివాటిలో కలుస్తాయి. పచ్చి ఇటుకలన్నీ లోపలే ఉంటాయి కాబట్టి పై పట్టికలో 7,000 అంకె బాగా దిగుతుంది.