స్లైడు, కార్డు, నోటి మాట: ఏది ఎక్కడ?

పిల్లల నీళ్ల విరేచనాల మీద ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇవ్వడానికి నేను మొదట తయారు చేసుకున్న ఫైల్లో 23 స్లైడ్లు ఉండేవి. నాకిచ్చిన సమయం 40 నిమిషాలు. ఓఆర్ఎస్ కలిపే పద్ధతి, ఏ వయసుకు ఎంత తాగించాలి, జింక్ మాత్ర ఎన్ని రోజులు వేయాలి, అన్నీ తెర మీదే పెట్టాను. నేను చదువుకుంటూ పోతున్నాను, వాళ్లు తల వంచుకుని రాసుకుంటున్నారు. రెండేళ్ల లోపు పిల్లల వరుస రాసుకోవడం పూర్తికాకముందే నేను తర్వాతి స్లైడుకి వెళ్లిపోయాను. “మేడమ్, ఒక్కసారి వెనక్కి పోండి” అన్న మాట ఆ రోజంతా వింటూనే ఉన్నాను.

ఇప్పుడు అదే పాఠం 5 స్లైడ్లు, అరచేతి కన్నా కాస్త పెద్ద కార్డు ఒకటి, మిగతాదంతా మాట. ప్రతి విషయాన్నీ ఒకే ప్రశ్న అడిగి వేరు చేశాను: ఇది ఆశమ్మకు ఎప్పుడు, ఎక్కడ అవసరమవుతుంది?

మోతాదునే తీసుకోండి. రెండు నెలల నుంచి రెండేళ్ల లోపు బిడ్డకు విరేచనం అయిన ప్రతిసారీ పావు గ్లాసు నుంచి అర గ్లాసు, రెండు నుంచి ఐదేళ్ల బిడ్డకు అర గ్లాసు నుంచి గ్లాసు. జింక్ 20 మిల్లీగ్రాముల మాత్ర, ఆరు నెలలు దాటితే రోజుకు ఒకటి, రెండు నుంచి ఆరు నెలల మధ్య ఉంటే సగం, విరేచనాలు తగ్గిపోయినా 14 రోజులూ వేయాలి. ఇది శిక్షణ గదిలో కూర్చున్నప్పుడు ఎవరికీ అవసరం లేదు. మూడు వారాల తర్వాత ఎవరి ఇంటి అరుగు మీదో నిలబడ్డప్పుడు కావాలి. అక్కడ ప్రొజెక్టర్ ఉండదు. కాబట్టి అది కార్డు మీదే ఉండాలి, తెర మీద అసలు ఉండకూడదు. తెర మీద కనబడితే రాసుకోవాలనిపిస్తుంది, రాసుకునే చెవికి నా మాట ఎక్కదు. మొదటి నిమిషంలోనే కార్డు పైకెత్తి చూపించి, “అంకెలన్నీ ఇందులో ఉన్నాయి, రాసుకోకండమ్మా, కలపడం నేర్చుకునేటప్పుడు చేతికిస్తాను” అని చెప్తాను. ముందే పంచితే అందరూ దాన్ని చదువుతూ కూర్చుంటారు. ఇస్తామని ముందే చెప్పకుండా చివర్లో ఇస్తే అందరూ రాసుకుంటూ కూర్చుంటారు. మధ్యలో, సరిగ్గా వాడే చోట ఇవ్వడమే మేలు.

ఇక తెరకు ఏం మిగిలింది? కళ్లతో చూస్తే తప్ప తెలియనిది. బిడ్డ ఒంట్లో నీరు తగ్గిందా అని చూడటానికి బొడ్డుకూ పక్కకూ మధ్య చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి ఎత్తి వదులుతాం. మామూలుగా అయితే వెంటనే సర్దుకుంటుంది. రెండు సెకన్లు దాటినా మడత అలాగే నిలబడితే పరిస్థితి తీవ్రం. “నెమ్మదిగా వెనక్కి పోతుంది” అని అక్షరాల్లో రాస్తే ఎంత నెమ్మది అన్నది ఎవరికీ అందదు. ఫొటో కూడా చాలదు, ఎందుకంటే ఇక్కడ చూడాల్సింది కదలికనే. పది సెకన్ల వీడియో, శబ్దం లేకుండా, రెండుసార్లు. ఒకటి మామూలు బిడ్డది, ఒకటి నీరు తగ్గిన బిడ్డది. అది నడుస్తున్నంతసేపు నేను నోరు మూసుకుంటాను. లోపలికి పోయిన కళ్ల ఫొటో కూడా తెర మీదే పెట్టాను. దాన్ని కార్డు మీద వేసి చూశాను కానీ నలుపు తెలుపు జిరాక్సులో ముఖమంతా నల్ల మచ్చ అయిపోయింది.

స్లైడ్లనే ప్రింటు తీసి పంచితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. శ్రమ తగ్గుతుంది, నిజమే. కానీ పేజీకి ఆరు చొప్పున ముద్రిస్తే వత్తులు, గుడింతాలు కలిసిపోయి చదవడానికి రాదు. పెద్దగా ముద్రిస్తే కాగితాల కట్ట అవుతుంది, అది సంచిలో కాక బీరువాలో ఉంటుంది. అసలు చిక్కు ఇంకొకటి. ప్రింటు తీసినా అర్థం కావాలని స్లైడులో వాక్యాలు పెంచుతాం, దాంతో తెర చెడుతుంది. తెర మీద బాగుండాలని వాక్యాలు తగ్గిస్తాం, దాంతో కాగితం చెడుతుంది. రెండూ విడిగా చేయడమే తక్కువ పని.

తెర మీద అక్షరాలు తప్పనిసరైతే నాలుగు మాటలకు మించనివ్వను. వెనక వరుసలో కూర్చుని, కిటికీలు తెరిచి ఉండగా వత్తులు విడివిడిగా కనిపిస్తున్నాయో లేదో ముందే చూసుకుంటాను. యూనికోడ్ కాని పాత ఫాంటులో చేసిన ఫైలు వేరే కంప్యూటర్లో పిచ్చి గుర్తులుగా తెరుచుకుంటుంది కాబట్టి పీడీఎఫ్ కూడా వెంట ఉంచుకుంటాను. వీడియో పీడీఎఫ్‌లో ఆడదు, దాన్ని ఫోన్లో విడిగా పెట్టుకుంటాను. కరెంటు పోతే ఆ ఫోనే చేతులు మారుతుంది.

మాటకు వదలాల్సిన వాటి దగ్గరే నేను ఎక్కువ తప్పులు చేశాను. “నీళ్లు తాగిస్తే ఇంకా ఎక్కువ వెళ్తాడు” అని ఇంట్లో అంటారు. దీన్ని మొదట “అపోహలు, వాస్తవాలు” అని రెండు వరుసల స్లైడు చేశాను. అందరూ తలూపారు, ఒక్కరూ నోరు విప్పలేదు. తర్వాత ఆ స్లైడు తీసేసి, ఒకరిని తల్లిగా, ఒకరిని అత్తగారిగా కూర్చోబెట్టి మాట్లాడించాను. అప్పుడు బయటికొచ్చింది అసలు సంగతి: ఓఆర్ఎస్ తాగించినా మరుసటి రోజుకు విరేచనాలు ఆగకపోయేసరికి, ఇది పని చేయలేదని తల్లి మానేస్తోంది. ఓఆర్ఎస్ విరేచనాన్ని ఆపదు, పోయిన నీటినీ లవణాలనూ తిరిగి నింపుతుంది. ఈ మాట తల్లికి మొదటి గ్లాసుకు ముందే చెప్పాలి. ఎలా చెప్పాలన్నది ఇంటిని బట్టి మారుతుంది కాబట్టి అచ్చు వేయడం కుదరదు. పైగా కార్డు తల్లి చేతికీ వెళ్తుంది. “మీరు నమ్మేది తప్పు” అని అందులో రాసి ఉంటే ఆమె ఇంక మన మాట వినదు.

కలపడం కూడా మాట, చెయ్యి కలిసిన పనే. పెద్ద ప్యాకెట్ పూర్తిగా ఒక లీటరు నీళ్లకు. మెడికల్ షాపుల్లో 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లూ దొరుకుతాయి. ఈ తేడా తెలియక పెద్ద ప్యాకెట్‌ను ఒక్క గ్లాసులో పోస్తే ఉప్పు చాలా ఎక్కువై బిడ్డకు హాని. నేను లీటరు నీళ్ల సీసా, రెండు రకాల ప్యాకెట్లు బల్ల మీద పెట్టి, ఏది దేనికో వాళ్లనే కలపమంటాను, కలిపింది రుచి చూడమంటాను. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలన్నది కార్డులో ఒక వరుస, అంతే. ప్యాకెట్‌లో ఏ లవణం ఎన్ని గ్రాములన్న నా పాత స్లైడుకు మాత్రం తెర, కార్డు, మాట మూడింట్లోనూ చోటు దొరకలేదు. ఎవరైనా అడిగితే చెప్తాను.

మూడు చోట్లా ఉండాల్సింది ఒక్కటే, ప్రమాద సూచనలు. తెర మీద వీడియోగా, ఫొటోగా. కార్డు వెనకవైపు పెద్ద అక్షరాలతో: మత్తుగా పడి ఉండటం, తాగలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, మలంలో రక్తం, చర్మం మడత నిలిచిపోవడం. కింద 108. ఇక నోటితో ఒక ప్రశ్న: రాత్రి పదింటికి బిడ్డ తాగలేకపోతున్నాడు, ఇంట్లో పెద్దాయన “పొద్దున చూద్దాంలే” అంటున్నాడు, మీరు ఆయనతో ఏమంటారు? ఈ ఒక్క ప్రశ్నకు పది నిమిషాలు ఇస్తాను. అప్పుడు తెర ఖాళీగా ఉంటుంది.