సీకెంట్ సూత్రమా, మామూలు P/A + M/Z నా? పక్కకు జరిగిన లోడుకి ఏది మేలు

అశోక్ నగర్‌లో ఏఈఈ పరీక్షలకు చదివే పిల్లలైనా, మా ఆఫీసులో కొత్తగా చేరిన ఇంజనీర్లైనా తిప్పి తిప్పి అడిగేది ఒకటే. "సార్, లోడు కాలమ్ మధ్యలో కాకుండా పక్కన పడితే P/A కి M/Z కలిపితే సరిపోదా? ఆ సీకెంట్ గోల దేనికి?" సరిపోయే చోటు ఉంది, ముంచే చోటూ ఉంది. నా మొగ్గు సీకెంట్ వైపే. ఎందుకో ఒక లెక్కతో చూపిస్తాను.

జీడిమెట్ల వైపు షెడ్లలో మెజనైన్ వేసేటప్పుడు కింది బీముకీ పై బీముకీ మధ్య చదరపు ట్యూబు నిలబెట్టి, రెండు చివర్లా ఒకే ముఖం మీద ప్లేటు వేసి బోల్టులు బిగించడం చూస్తుంటాం. బిగించడానికి అది సుళువు. కానీ లోడు ట్యూబు నడుమ నుంచి కాకుండా ఆ ముఖం వెంట దిగుతుంది. ట్యూబు 100 × 100 × 5 మి.మీ., పొడవు 4 మీటర్లు అనుకుందాం. వైశాల్యం A = 1836 చ.మి.మీ., గైరేషన్ వ్యాసార్ధం r = 38.4 మి.మీ. ప్లేటు మందం వదిలేస్తే లోడు పక్కకు జరిగిన దూరం e = 50 మి.మీ., అంచు దూరం c కూడా 50. అంటే ec/r² సుమారు 1.69. పల్చటి ప్లేటు ఆ దిశలో సులువుగా వంగుతుంది కాబట్టి చివర్లను పిన్ను కింద తీసుకోవచ్చు. ఆయిలర్ లోడు Pcr = 334 కిలోన్యూటన్లు. యీల్డ్ 240 మెగాపాస్కల్.

```
మామూలు : P/A · (1 + ec/r²)
సీకెంట్ : P/A · (1 + ec/r² · sec(π/2 · √(P/Pcr)))
```

80 కిలోన్యూటన్ల లోడు పెట్టి చూడండి. మామూలు సూత్రం 117 మెగాపాస్కల్ చెబుతుంది, సీకెంట్ 146 అంటుంది. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందంటే, వంపు వల్ల కాలమ్ నడుము దగ్గర మరో 20 మి.మీ. దాకా పక్కకు పోతుంది. అక్కడ లోడు చెయ్యి 50 కాదు, 70 మి.మీ. కావాలంటే పై నుంచి కిందికి నూలు లాగి, మధ్యలో స్కేలు పెట్టి కొలవచ్చు. లోడు లేనప్పుడు ఒకసారి, ఎక్కాక ఒకసారి కొలిస్తే సరి. మామూలు సూత్రానికి ఈ 20 మి.మీ. సంగతే తెలియదు.

ఇంతవరకు చాలామంది ఒప్పుకుంటారు, "సరే, పాతిక శాతం తేడా, ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీలో కలిసిపోతుంది" అనేస్తారు. అసలు గొడవ ఇక్కడే ఉంది. 240ని 146తో భాగిస్తే 1.64 వస్తుంది. మనకు కావలసింది 1.5, కాబట్టి పాస్. ఇప్పుడు అదే 1.5ని ఒత్తిడికి కాక లోడుకి వేయండి. 120 కిలోన్యూటన్లు పెడితే సీకెంట్ చూపే ఒత్తిడి 253. యీల్డ్ దాటిపోయింది. అదే కాలమ్, అదే ఫ్యాక్టర్, రెండు జవాబులు. ఎందుకంటే లోడు ఒకటిన్నర రెట్లయితే ఒత్తిడి ఒకటిన్నర రెట్లు కాదు. లోడు పెరిగితే వంపు పెరుగుతుంది, వంపు పెరిగితే చెయ్యి పెరుగుతుంది. P సూత్రం బయటా ఉంది, sec లోపలా ఉంది. నిజానికి ఈ కాలమ్ మొదటిసారి యీల్డ్ అయ్యేది 116 కిలోన్యూటన్ల దగ్గర. దాన్ని 1.5తో భాగిస్తే మనం పెట్టగలిగేది 77. మామూలు సూత్రాన్ని నమ్మితే యీల్డ్ లోడు 164 అని వస్తుంది. 160 కిలోన్యూటన్ల దగ్గర అది 235 అంటూ తాపీగా కూర్చుంటే, సీకెంట్ 404 చూపిస్తుంది. ఆ 404ని నిజమైన ఒత్తిడి అనుకోకండి, యీల్డ్ దాటాక ఈ సూత్రానికి మాట్లాడే హక్కు లేదు. కానీ మెంబరు ఎప్పుడో చేయి దాటిపోయిందన్న కబురు మాత్రం అందుతుంది.

అందుకే నా దృష్టిలో తేల్చేది ఇదొక్కటే: భద్రత లోడు మీద లెక్కించాలి, ఒత్తిడి మీద కాదు. సీకెంట్ వాడి కూడా చివర్లో ఒత్తిడిని భాగించేవాళ్లు సగం దారిలో ఆగిపోయినట్టే.

"sec లోపల P ఇరుక్కుంది, విడదీయడం కుదరదు" అన్నది సీకెంట్ మీద పాత ఫిర్యాదు. నిజమే, తిన్నగా P బయటికి రాదు. బదులు 1/(1 − P/Pcr) అనే గుణకం వాడొచ్చు కదా అంటారు. చేత్తో చేసే లెక్కకి అది హాయి. మన కాలమ్‌కి 80 దగ్గర 141, యీల్డ్ లోడు 121 ఇస్తుంది. సీకెంట్ చెప్పిన 116కి దగ్గరే, కానీ తప్పు ప్రమాదం వైపు ఉంది. లోడు ఆయిలర్ లోడుకి దగ్గరయ్యే కొద్దీ ఈ గుణకం సీకెంట్ కంటే వెనకబడుతుంది. చివరికి సీకెంట్ దీనికి 4/π రెట్లు, అంటే 27 శాతం ఎక్కువ అవుతుంది. మెంబరు మొదటి నుంచే సైను ఆకారంలో కాస్త వంగి ఉండి, లోడు చివర్లలో సరిగ్గా మధ్యన పడితే మాత్రం ఈ గుణకమే కచ్చితం. లోపం చివర్లో ఉందా, నడుములో ఉందా అని ముందు చూసుకోండి.

మామూలు సూత్రమే గెలిచే చోటు కూడా చెప్పాలి. పై ప్లేటు ఒక ముఖం మీద, కింది ప్లేటు ఎదురు ముఖం మీద ఉంటే కాలమ్ ఎస్ ఆకారంలో వంగుతుంది. అప్పుడు ఆయిలర్ లోడు చేరేదాకా అతి పెద్ద మొమెంట్ చివర్లోనే ఉంటుంది, నడుములో పెరగదు. పైన మాత్రమే పక్కకు జరిగి కింద లోడు మధ్యలోనే దిగితే, P ఆయిలర్ లోడులో నాలుగో వంతు దాటే వరకూ అంతే. మన 80 అలా చూస్తే ఆ గీతకి లోపలే ఉంది. అక్కడ సీకెంట్ పెడితే స్టీలు వృథా. సీకెంట్ నిలబడేది రెండు చివర్లా ఒకే పక్కన, ఒకే దూరం ఉన్నప్పుడే.

కోడ్ సంగతి రెండు ముక్కల్లో. ఐఎస్ 800 లో 1962 నాటి ప్రతి సీకెంట్ మీద నడిచింది, 1984 లో మర్చంట్-రాంకిన్ వచ్చింది, 2007 నుంచి పెర్రీ-రాబర్ట్‌సన్ వంపులు. సబ్మిట్ చేసే డిజైన్‌కి కోడ్ ఇంటరాక్షన్ సమీకరణమే, చర్చ లేదు. ట్యూబు తయారీలో మిగిలిపోయే ఒత్తిళ్లు సీకెంట్‌లో లేవు. సాఫ్ట్‌వేర్‌లో పి-డెల్టా పెట్టకుండా మామూలు అనాలిసిస్ నడిపితే వచ్చేది P/A + M/Z జవాబే.

P బయటికి రాదన్న ఫిర్యాదుకి ఎక్సెల్‌లో ఒక గడి చాలు. B1 లో P, తర్వాత వరసగా A, e, c, r, Pcr. లోడులు కిలోన్యూటన్లలో, కొలతలు మి.మీ.లో ఇవ్వండి:

```
=1000*B1/B2*(1+B3*B4/B5^2/COS(PI()/2*SQRT(B1/B6)))
```

గోల్ సీక్‌లో ఈ గడిని 240 చేయమని, B1 మార్చమని చెబితే 116 దగ్గర ఆగుతుంది. మొదలుపెట్టే విలువ ఆయిలర్ లోడు కంటే తక్కువ ఇవ్వండి. దాటితే cos రుణాత్మకమై ఒత్తిడికి అర్థంలేని మైనస్ అంకెలు వస్తాయి. ఎక్సెల్ కోణాన్ని రేడియన్లలోనే తీసుకుంటుంది. పరీక్ష హాల్లో కాలిక్యులేటర్ మాత్రం డిగ్రీల్లో ఉండిపోతుంది. అప్పుడు sec దాదాపు 1 వచ్చి, సీకెంట్ లెక్క కూడా 117 దగ్గరే తేలుతుంది. రెండు సూత్రాలకూ ఒకే జవాబు వచ్చిందంటే ముందు ఆ మోడ్ చూడండి.