శ్రీశ్రీలో పురాణం: పాండవుల నడక మేలా, జగన్నాథుడి రథం మేలా?

మహాప్రస్థానం అంటే అందరికీ శ్రీశ్రీ గుర్తొస్తాడు, మా నెల్లూరోళ్ళకి మాత్రం ముందు తిక్కన గుర్తు రావాలి, ఎందుకంటే విరాటపర్వం కాణ్ణించి స్వర్గారోహణ పర్వం దాకా 15 పర్వాలు తెలుగులో రాసినాయన ఈ పెన్న ఒడ్డునోడే, అందులో మహాప్రస్థానిక పర్వం కూడా ఉంది. అందుకే శ్రీశ్రీ పుస్తకం చదివినప్పుడల్లా నాకొక డౌటు. ఆ పేరు కింద ఉన్న కవితకీ ఆ పర్వంలో కథకీ నిజంగా సంబంధం ఉందా, లేక పేరు గంభీరంగా ఉందని పెట్టుకున్నాడా? అదే పుస్తకంలో జగన్నాథుని రథచక్రాలు అని ఇంకో కవిత ఉంది, అక్కడ కూడా పురాణం, గుడి సంప్రదాయం వాడుకున్నాడు. రెండూ పక్కపక్కన పెట్టి ఏ కవితలో పురాణం ఎక్కువ పని చేసిందో చూద్దాం. పుస్తకంగా వచ్చింది 1950లో, కవితలు మాత్రం ఎక్కువగా 1930ల్లోవి.

నేను చూసే పద్ధతి ఒకటే. ముందు కవితలో ఏ మాట ఆ కథని గుర్తు చేస్తుందో వేలు పెట్టి చూపించాలి. తర్వాత అసలు కథలో అక్కడ ఏం జరిగిందో చూడాలి. ఆ తర్వాత ఆ మాట తీసేసి మామూలు మాట పెట్టి చదవాలి, కవితలో ఏం పోయింది? ఏమీ పోకపోతే అది అలంకారమే. ఇంకో మాట, వేలు పెట్టి చూపించటంలోనే చానా మంది తప్పుదారి పడతారు, దాని గురించి కింద చెప్తా.

ముందు మహాప్రస్థానం తీసుకుందాం. అసలు కథలో కృష్ణుడు పోయాడు, యాదవులు పోయారు, పాండవులు పరీక్షిత్తుని గద్దె మీద కూర్చోబెట్టి నారచీరలు కట్టుకుని బయలుదేరతారు. వెనక ఒక కుక్క. దారిలో ముందు ద్రౌపది పడిపోతుంది, తర్వాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు, చివరికి భీముడు. పడిపోయినప్పుడల్లా భీముడు ఎందుకని అడుగుతాడు, ధర్మరాజు ఒక్కొక్కరికీ ఒక్కో తప్పు చెప్తాడు, వెనక్కి తిరిగి చూడకుండా నడుస్తానే ఉంటాడు. అంటే ఇది ముసలోళ్ళ నడక, అన్నీ వదిలేసుకున్నోళ్ళ నడక, చావులోకి నడక.

ఇప్పుడు కవిత చూడండి. 'మరో ప్రపంచం' పిలిచింది, 'పదండి ముందుకు, పదండి త్రోసుకు' అంటాడు. వయసు మళ్ళిన సోమరుల్ని చావమంటాడు, నెత్తురు మండే సైనికుల్ని రమ్మంటాడు. వదిలేసుకోవటం ఎక్కడా లేదు, తోసుకుని పోవటమే. కథని పూర్తిగా తిరగేశాడన్న మాట: ముసలోళ్ళ ప్రయాణాన్ని కుర్రోళ్ళకిచ్చాడు, స్వర్గం ఉన్నచోట ఎర్రబావుటా ఉన్న లోకాన్ని పెట్టాడు. తిరగెయ్యటం తప్పేం కాదు, బాగా తిరగేస్తే అదే గొప్ప. కాకపోతే తిరగేసిన సంగతి కవితే మనకి చూపించాలి గదా. హిమాలయం లేదు, ధర్మరాజు లేడు, పడిపోయినోళ్ళ లెక్క లేదు. పేరొక్కటే ఆ కథ, లోపల ఉండేది మార్చింగ్ పాట.

ఒక్క చోట మాత్రం కథ లోపలికొస్తుంది, అదీ తేడాగా. 'ధనంజయునిలా సాగండి' అంటాడు. ధనంజయుడంటే అర్జునుడు, పాండవుల్లో ఈ కవితలో పేరున్నోడు ఇతనొక్కడే. మరి ఆ పర్వంలో అర్జునుడు ఏమయ్యాడు? గాండీవాన్ని నీళ్ళలో వదిలేశాడు, సగం దారిలో పడిపోయాడు, శత్రువులందర్నీ ఒక్కరోజులో చంపుతానని బడాయి పోయినందుకే పడ్డాడని ధర్మరాజు తీర్పు కూడా చెప్పాడు. మహాప్రస్థానం అని పేరు పెట్టి, అందులో సగం దారిలో పడిపోయినోడిలా నడవండి అంటే ఎట్టా? ఇక్కడ శ్రీశ్రీకి కావాల్సింది కురుక్షేత్రంలో అర్జునుడు, పేరు మాత్రం ఇంకో పర్వానిది. రెండూ ఒకదానికొకటి అడ్డం పడ్డాయి.

తప్పుదారి అన్నా గదా, అది కూడా ఈ లైన్లోనే ఉంది. 'త్రాచులవలెనూ, రేచులవలెనూ' అని ధనంజయుడికి ముందు వస్తుంది. రేచులంటే అడవికుక్కలు. ఇంకేముంది, పాండవుల వెనక నడిచిన కుక్క ఇదే, ధర్మదేవత ఇదే అని లాగెయ్యబుద్ధవుద్ది. లాగకూడదు. ఆ కుక్క ఒంటరిది, ఎవర్నీ కరవలేదు, స్వర్గం దాకా వెంట నడిచింది, అంతే. ఇక్కడ రేచులు గుంపుగా వేటాడే జంతువులు, పక్కనే తాచులున్నాయి, అంటే వేగం, పగ, అంతవరకే. ఒక్క జంతువు కలిసినంత మాత్రాన అది ప్రస్తావన అవ్వదు, దాని చుట్టూ ఉన్న పని కూడా కలవాలి.

ఇదంతా ట్రంకు రోడ్డులో టీ తాగతా మా బావకి చెప్తే ఒప్పుకోలా. "ఏంది బావా, నువ్వు పాండవుల లిస్టు పట్టుకుని కవితలో టిక్కులు పెడతన్నావ్. ఆ కథలో గుర్తుండేది ఎవురు ఎప్పుడు పడ్డారని కాదబ్బా, వెనక్కి చూడకపోవటం. అది కవితలో ఉందా లేదా?" అన్నాడు. ఉంది, కాదన్ను. దారి పొడుగునా గుండె నెత్తురులు తర్పణ చేస్తూ పదండి అని కూడా ఉంది, తర్పణ అనేది చచ్చిపోయినోళ్ళకి వదిలేది కాబట్టి దారిలో మనుషులు రాలిపోతారన్న సంగతి ఆ ఒక్క మాటతో లోపలికొచ్చింది. బావ పాయింటు వల్ల ఈ పేరుకి సగం మార్కులు పెంచా. పేరు మార్చి 'పెద్ద ప్రయాణం' అని పెడితే పోయేది ఇదే, తిరిగి రావటం లేదు అనే బరువు. మిగతా కవిత చెక్కుచెదరదు.

ఇంక రెండోది, జగన్నాథుని రథచక్రాలు. మొదటి పిలుపే చూడండి: 'పతితులార! భ్రష్టులార! బాధాసర్పదష్టులార!' ఇది ఊరికే ప్రాస కోసం పెట్టిన వరస అనుకుంటాం. కానీ పూరీలో జగన్నాథుడికి పతితపావనుడని పేరుంది, గుళ్ళోకి అడుగు పెట్టనివ్వనోళ్ళు బయటి నుంచే చూసుకోటానికి సింహద్వారం దగ్గర పతితపావనుడి రూపం పెట్టుంటారు. రథయాత్ర సంగతి కూడా అంతే, ఏడాదంతా గర్భగుళ్ళో ఉండే దేవుడు ఆషాఢ శుద్ధ విదియ నాడు బజార్లోకొస్తాడు, గుళ్ళోకి రానివ్వనోళ్ళ ముందుకి ఆయనే వస్తాడు. ఇప్పుడు ఆ మొదటి మాట మళ్ళీ చదవండి. ఎవురి కోసం రథం బయటికొస్తుందో వాళ్ళనే పేరు పెట్టి పిలిచి కవిత మొదలెట్టాడు. శ్రీశ్రీ ఇది మనసులో పెట్టుకునే రాశాడా అని ఎవురన్నా అడిగితే నా జవాబు ఏందంటే, రథం పేరు ఆయనే చెప్పాడు, పతితుల్ని ఆయనే పిలిచాడు, రెండూ ఒకే కవితలో పెట్టాడు, కలుపుకునే హక్కు చదివేవాడికి ఉంటది.

దీన్ని మించింది ఇంకోటుంది. ఆ పిలుపు కిందనే 'శని దేవత రథచక్రపుటిరుసులలో' పడి నలిగిన దీనులార అంటాడు. అంటే కవితలో రథాలు రెండు! ఒకటి శనిది, జనాన్ని నలిపేది. రెండోది జగన్నాథుడిది, నలిగినోళ్ళ కోసం వచ్చేది. పూరీ రథచక్రాల కింద పడి భక్తులు చచ్చిపోతారని ఎప్పట్నుంచో తెల్లోళ్ళు పెద్దవి చేసి రాసుకున్న కథలున్నాయి, ఆ నలిపే పనంతా శ్రీశ్రీ శని బండికి అప్పజెప్పి, జగన్నాథుడి రథాన్ని కడిగేశాడు. శని అంటే మనకి ఏలినాటి శని, తలరాత, పంచాంగం. నీ బతుకు ఇంతే అనే నమ్మకాన్ని ఒక రథంగా చేసి దాని మీదకి ఇంకో రథాన్ని తోలాడు. ఇక్కడ జగన్నాథ అనే మాట తీసేసి 'విప్లవ రథచక్రాలు' అని పెట్టి చదవండి, పతితులు అనేది తిట్టు మాట అయిపోద్ది, శని రథం ఊరికే ఒక పోలిక అయిపోద్ది, కవిత నడుం విరుగుద్ది. నేను చెప్పే తేడా ఇదే.

తర్వాత ఇంకో మలుపు. పూరీలో రథం నేల మీదే నడుస్తది, జగన్నాథుడి నందిఘోషకి 16 చక్రాలు, కొయ్యతో ఏటా కొత్తగా చేస్తారు. శ్రీశ్రీ దాన్ని ఆకాశపు దారుల్లో పెట్టాడు, అడావుడిగా అరుచుకుంటా పైపైన వెళ్ళిపోతుంటే నేను దాన్ని 'భూమార్గం పట్టిస్తాను' అంటాడు. ఆచారంలో దేవుడు తానే కిందికి దిగుతాడు, ఇక్కడ దిగటం లేదు, దింపాల్సొస్తంది. దేవుడి మీద చిన్న ఫిర్యాదు ఉందన్న మాట, పూజారి పని కవి తీసుకున్నాడు, తాడు బదులు కలం పట్టుకున్నాడు.

కానీ నాకు గుచ్చుకునేది కూడా ఇక్కడే. నిజం రథయాత్రలో తాడు లాగేది జనం. మా రంగనాయకుల గుడి రథోత్సవంలో చూసినా అంతే, నాలుగు చేతులు పడకపోతే చక్రం కదలదు. కవితలో మాత్రం జనాన్ని ఏడవకండి అంటాడు, మీ కోసం నేను దింపుతా, నేను భూకంపం పుట్టిస్తా అంటాడు. రథయాత్రలో అసలైన సంగతి, అందరూ కలిసి లాగటం, దాన్నే వదిలేశాడు. ఈ ఒక్క విషయంలో మహాప్రస్థానం గెలిచింది, అక్కడ నడిచేది జనమే.

మొత్తం మీద నా ఓటు రథచక్రాలకే. మహాప్రస్థానంలో పురాణం గుమ్మం దగ్గర బోర్డు లాగుంది, రథచక్రాల్లో ఇంట్లోకొచ్చి పని చేసింది. పిల్లలకి చెప్పేటప్పుడు మహాప్రస్థానం అంటే పాండవుల చివరి యాత్ర అని ఒక్క ముక్క చెప్పి వదిలేసినా నష్టం లేదు, పూరీ సంగతి చెప్పకుండా రథచక్రాలు చెప్తే మాత్రం సగం కవిత ఎగిరిపోయినట్టే. బావ ఇంకా ఒప్పుకోలేదు, పేరుకి ఆ మాత్రం బరువు చాలు, కవిత లోపల కథ ఎందుకు చెప్పాలి అంటాడు.

ఆ రెండో కవిత చివర్లో ఉన్న శివుడి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడ నాకు పూర్తిగా తృప్తి లేదు. ధూర్జటి నుదుటి కన్ను పగిలిందట, నిప్పు రగిలిందట అని అందుకుంటాడు, వెంటనే విషవాయువు, మరఫిరంగి, టార్పీడో వస్తాయి. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన రోజుల మాటలవి. అట్టా చూస్తే మూడో కన్ను ఊరికే చప్పుడు కాదు, యుద్ధానికి పెట్టిన పేరు. కానీ శివుడి కన్ను మన్మథుణ్ణి కాల్చినప్పుడు దానికో కారణం ఉంది, ఎవుర్ని కాల్చాలో అంతవరకే కాల్చింది. విషవాయువుకి ఆ లెక్క ఉండదు, కందకంలో ఉన్న కూలోడి కొడుకుని కూడా అదే చంపుద్ది, అట్టాంటి దాన్ని శివుడి కన్ను అంటే మనుషులు చేసిన పనిని దేవుడి ఖాతాలో రాసినట్టవుద్ది. శనిని, జగన్నాథుణ్ణి విడదీసి రెండు రథాలు చేసినోడు ఇక్కడ కూడా ఆ విడదీసే పని చేసుంటే బాగుండేది.