ఆరేళ్లు వాడాక స్లోప్ రాడార్ గురించి

మా ఓపెన్‌కాస్ట్ గనిలో హైవాల్‌కు, అంటే తవ్వగా మిగిలిన ఎత్తైన రాతిగోడకు ఎదురుగా, అది కదులుతోందేమో చూసే స్లోప్ రాడార్ పెట్టి ఆరేళ్లయింది. దాని స్క్రీన్ ముందు ఎన్నో షిఫ్టులు చేశాను. నమ్మదగ్గ పరికరమే, కానీ అది ఏం చూస్తుందో తెలుసుకుని నమ్మాలి.

గోడనంతా కొన్ని నిమిషాలకోసారి స్కాన్ చేసి, మిల్లీమీటరు లోపు కదలికను కూడా పట్టేస్తుంది. అయితే తనవైపు వచ్చే కదలికనే కొలుస్తుంది. రాయి పక్కకు జారితే తక్కువ చూపిస్తుంది. గడ్డి ఊగినా, జోరువాన కురిసినా స్క్రీన్ మీద ఎర్రమచ్చలే. మొదటి ఏడాది ఉత్తుత్తి అలారాలతో విసిగిపోయాం.

సేఫ్టీ ఫ్యాక్టర్‌ను మాత్రం రాడార్ చెప్పదు. డిజైన్ కాగితం మీద మా గోడకు అది 1.3. కిందికి లాగే బలం 100 అయితే, జారకుండా పట్టి ఉంచే బలం 130 అన్నమాట. పగుళ్లలోకి నీళ్లు దిగితే ఆ ఒత్తిడి పొరలను ఎడంగా నెడుతుంది, వాటి మధ్య రాపిడి తగ్గుతుంది. 130 కాస్తా 105కు పడితే మిగిలేది 1.05. గోడ అదే, కాగితమూ అదే, వాన ఒక్కటే కొత్తది.

మూడో ఏడు ఆగస్టులో ఇదే జరిగింది. మొదట చూసింది రాడార్ కాదు, మా మైనింగ్ సర్దార్. గోడను మెట్లుమెట్లుగా తవ్వుతాం, ఒక్కో మెట్టు ఒక బెంచి; అలాంటి బెంచి అంచుకు నాలుగు మీటర్ల వెనక, అంచుకు సమాంతరంగా, వేలు దూరేంత నెర్రె. అటూ ఇటూ మేకులు కొట్టి టేపుతో కొలవడం మొదలుపెట్టాం. రాడార్‌లో ఆ చోట మొదటి రోజు వేగం రోజుకు 5 మిల్లీమీటర్లు, మూడో రోజు 10. వేగాన్ని తిరగేసి 1/v గీస్తే 0.2 నుంచి 0.1కి దిగింది. ఆ గీతను అలాగే పొడిగిస్తే ఐదో రోజున సున్నాను తాకుతుంది, గోడ కూలేది అప్పుడేనని అంచనా. షావెల్‌నూ డంపర్లనూ నాలుగో రోజే తీసేశాం. ఆ రోజే గోడ అడుగున ఎప్పుడూ కారే నీటి ఊట ఆగిపోయింది. ఎండిపోయిందని సంతోషించలేదు, దారి మూసుకుని నీళ్లు లోపలే నిలిచాయని భయపడ్డాం. ఐదో రాత్రి రెండు బెంచీలు కూలాయి. కింద ఎవరూ లేరు.

ఈ గీత ప్రతిసారీ నిజం కాదు. వాన తెరిపిస్తే వేగం తగ్గి, గీత మళ్లీ పైకి లేచిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే వేగం ఎంత అనేదానికన్నా, అది పెరుగుతూ పోతోందా అన్నదే చూస్తాను. అమెరికాలోని బింగ్‌హామ్ కాన్యన్‌లో 2013 ఏప్రిల్ 10న కోట్ల టన్నుల రాయి జారినా ప్రాణనష్టం లేకపోవడానికి కారణం, కదలికను ముందే కనిపెడుతూ వచ్చి గనిని ఖాళీ చేయించడమే.

డంపర్లు తిరిగే హాల్ రోడ్డు మలుపు దగ్గరి మూల మా రాడార్‌కు ఇప్పటికీ కనబడదు. అక్కడ ప్రతి షిఫ్టుకూ మేకుల మధ్య దూరం టేపుతోనే కొలుస్తున్నాం.