సముద్రం దగ్గరి పొలానికి కంచె: ఇనుము, సిమెంటు, కర్ర స్తంభాలు పదేళ్ల తర్వాత ఎలా ఉన్నాయి

సింగరాయకొండ దగ్గర, హైవేకీ సముద్రానికీ మధ్యన ఉన్న మా తోటకి మూడు వైపులా మూడు రకాల స్తంభాలు వేసి పదేళ్లు దాటింది. తూర్పు హద్దుకి జీఐ, అంటే జింకు పూత ఉన్న ఇనుప యాంగిల్స్, ఉత్తరానికి సిమెంటు స్తంభాలు, పడమటికి మందు పట్టించిన సరుగుడు గుంజలు. తీగ మాత్రం అన్ని వైపులా ఒకటే, 12 గేజి ముళ్ల తీగ, ఐదు వరుసలు. కొత్తగా కంచె వేయాలనుకునే వాళ్లు ఈ మూడింటిలో ఏది మంచిదని అడుగుతుంటారు. మూడింటిలోనూ నిలిచేవి ఉన్నాయి, పోయేవి ఉన్నాయి. కొనేటప్పుడు ఆ తేడా ఎలా పట్టుకోవాలో తెలియడమే ముఖ్యం.

ముందు ఒక మాట. పాత కంచె చూడటానికి వెళితే స్తంభం పైభాగం చూసి వచ్చేయకండి. స్తంభం మొదలు దగ్గర మట్టి తీసి, నేలకి జానెడు పైన, జానెడు కింద చూడండి. ఏ రకం స్తంభమైనా ముందు పాడయ్యేది అక్కడే. పైన తడి అయినా గాలికి ఆరిపోతుంది. బాగా లోతున తడి ఉన్నా గాలి తక్కువ. నేల మట్టం దగ్గర మాత్రం తడి, గాలి, ఉప్పు మూడూ కలుస్తాయి. మాకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకూ పడతాయి కాబట్టి ఆ మూడు నెలలూ మొదళ్లు ఆరవు.

ఇనుము సంగతి చూద్దాం. తూర్పు వైపు 40 మిల్లీమీటర్ల యాంగిల్, 5 మిల్లీమీటర్ల మందం, హాట్ డిప్ చేసినది, అంటే కరిగిన జింకులో ముంచినది వేశాం. సరుకు చాలక చివర కొంత భాగానికి ఇంకో షాపులో జీఐ పైపు తెచ్చి పాతాం. షాపులో రెండూ ఒకేలా మెరిశాయి, రెండిటినీ జీఐ అనే అమ్మారు. ఐదారేళ్లకి పైపుల మొదట్లో ఎర్ర తుప్పు మొదలై, తర్వాత చేత్తో ఊపితే విరిగిపోయే స్థితికి వచ్చాయి. యాంగిల్స్ మీద తెల్లటి పొడి, మసక తప్ప ఈరోజుకీ ఎర్ర మచ్చ లేదు.

తేడా అంతా పైన ఉన్న జింకు మందంలోనే ఉంది. 5 మిల్లీమీటర్ల యాంగిల్‌ని కోసి, బెజ్జాలు వేసిన తర్వాత కరిగిన జింకులో ముంచితే చదరపు మీటరుకి కనీసం 610 గ్రాముల జింకు పట్టాలి. అంటే సుమారు 85 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ముందే పూత వేసిన రేకుని చుట్టి చేసే పైపు మీద ఒక్కో వైపు 20 మైక్రాన్లు ఉంటే ఎక్కువ. సముద్రపు గాలి తగిలేచోట జింకు ఏడాదికి రెండు నుంచి నాలుగు మైక్రాన్ల దాకా అరిగిపోతుంది. నాలుగు చొప్పున లెక్క వేస్తే పైపు పూత ఐదేళ్లు, యాంగిల్ పూత ఇరవై ఏళ్లు. మా తూర్పు హద్దులో జరిగింది సరిగ్గా ఇదే. ఉప్పు ఎక్కువున్న తడి మట్టిలో ఇంకా ముందే పోవచ్చు.

కొనేటప్పుడు తీగ దూర్చే బెజ్జం లోపలికి చూడండి. లోపల కూడా జింకు పట్టి బూడిదరంగుగా ఉంటే, బెజ్జం వేశాక ముంచినట్టు. లోపల నల్లగానో ఎర్రగానో ఉంటే పూత తర్వాత బెజ్జం వేశారన్నమాట. పూత అయ్యాక వెల్డింగ్ చేసినా అక్కడ జింకు కాలిపోతుంది, తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. పాతేటప్పుడు మొదలు చుట్టూ వేసే కాంక్రీటుని నేలకి రెండంగుళాలు పైకి తెచ్చి, నీళ్లు నిలవకుండా చుట్టూ వాలు పెట్టించండి. గుంతలా వదిలేస్తే వాన వచ్చినప్పుడల్లా స్తంభం నీళ్లలో నానుతుంది.

సిమెంటు స్తంభాలు పడిన ఉత్తరం వైపు పల్లం, బంకమట్టి. నీళ్లు నిలుస్తాయి. నాలుగంగుళాల చదరం, ఏడడుగుల పొడవు, ఒక్కోటి యాభై కిలోల బరువు. ఎనిమిదో ఏడు దాటాక కొన్నిటికి మూల వెంబడి పైనుంచి కిందికి సన్నటి నిలువు పగులు వచ్చింది, దాని వెంట గోధుమరంగు మరక. తర్వాత పెచ్చులు ఊడాయి. పగిలిన వాటిని విరగ్గొట్టి చూస్తే లోపలి చువ్వ ఒక పక్కకి జరిగి, బయటి అంచుకి వేలి గోరంత దూరంలో ఉంది. అదే నీళ్లలో నిలబడి, చువ్వ అంచు నుంచి అంగుళం లోతున ఉన్నవి చెక్కుచెదరలేదు. ఉప్పు సిమెంటులోంచి మెల్లగా లోపలికి దిగి చువ్వని చేరుతుంది. చువ్వ తుప్పు పడితే ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి సిమెంటు చీలుతుంది. ఆ పగులుని పైపైన సిమెంటుతో పూడ్చినా లాభం లేదు, లోపల తుప్పు ఆగదు.

అందుకే యార్డుకి వెళ్లినప్పుడు స్తంభం చివర చూడండి. చువ్వల కొసలు బయటికి కనిపిస్తుంటాయి, ప్రతి కొసా అంచు నుంచి అంగుళం లోపలికి ఉండాలి. కలపడానికి ఏ నీళ్లు వాడుతున్నారో అడగండి. మా పక్క చాలా బోర్లలో ఉప్పునీళ్లే వస్తాయి, ఆ నీళ్లతో పోస్తే ఉప్పు పుట్టుకతోనే లోపల ఉన్నట్టు. పోసిన నెల తిరక్కుండా ట్రాక్టరు ఎక్కించనివ్వొద్దు. దింపేటప్పుడు ఇద్దరు మనుషులు పట్టుకుని దింపాలి, పైనుంచి పడేస్తే కంటికి కనపడని పగుళ్లతోనే గుంతలోకి వెళ్తుంది. ఇంకో బలహీనత, బర్రె గట్టిగా రాసుకుంటే వంగదు, విరుగుతుంది. అయినా ధరలో మూడింటిలోనూ ఇదే తక్కువ. మేము కొన్నప్పుడు యాంగిల్‌కి ఇందులో రెట్టింపు పైనే పడింది. దొంగలూ దీని జోలికి రారు.

మందు పట్టించని సరుగుడు గుంజ మా ఇసుకలో రెండు మూడేళ్లకి చెదల పాలవుతుంది. ప్రెషర్ ట్యాంకులో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిసిన మందు పట్టించినవి మాత్రం పడమటి ఇసుక నేలలో ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి. పశువు ఆనుకుంటే కాస్త వంగి మళ్లీ నిలబడతాయి, అది నాకు బాగా నచ్చింది. పోయినవి మూడు నాలుగే. పాతేటప్పుడు గుంత లోతు చాలక కూలీలు వాటి కింది కొస కోశారు. మందు బయటి మెత్తటి కలపలోకే దిగుతుంది, నడుమ చేవలోకి సరిగ్గా దిగదు. కోసిన చోట ఆ చేవ మట్టికి తగిలి చెదలు లోపలి నుంచి తినేశాయి. కోయక తప్పకపోతే పైకొస కోయాలి.

గుంజల కన్నా నన్ను ఎక్కువ విసిగించినవి వాటికి కొట్టిన యు మేకులు. మందులోని రాగి తడిలో జింకుని తినేస్తుంది. మామూలు జీఐ మేకులు నాలుగైదేళ్లకే సన్నబడి, తీగ జారిపోయింది. తర్వాత తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలు మేకులు మార్పించాం, ఆ బాధ తీరింది. కర్ర వైపు వెళ్లేవాళ్లు ఆ ఖర్చు మొదట్లోనే కలుపుకోవాలి.

మళ్లీ వేయాల్సి వస్తే సముద్రం వైపు హాట్ డిప్ యాంగిలే వేస్తాను. లోపలి వైపు, పల్లంలో, చువ్వలు చూసి ఏరుకున్న సిమెంటు స్తంభాలు. మందు కర్ర నీళ్లు నిలవని ఇసుకలోనే. మూలల దగ్గర మాత్రం ఏ రకమైనా సరే, ఏటవాలు ఊత స్తంభాలు తప్పనిసరి. ఐదు తీగల లాగుడు అంతా మూల మీదే పడుతుంది, అది ఒరిగితే వరుస మొత్తం వదులవుతుంది. తీగ విషయంలో 14 గేజికి వెళ్లకండి. 12 గేజి రెండున్నర మిల్లీమీటర్ల పైన మందం, 14 గేజి రెండే. జింకు పోయాక తుప్పుకి ఎదురు నిలిచేది ఆ మందమే.

చివరగా, పాడైన మందు గుంజల్ని పొయ్యిలోకి గానీ, చలిమంటకి గానీ వాడొద్దు. పొగలోకీ బూడిదలోకీ ఆర్సెనిక్ వస్తుంది. ఆ బూడిదని పాదుల్లో చల్లడం, పశువులు నాకే చోట వదలడం కూడా ప్రమాదమే.