మడత లైట్ బాక్స్: మూడేళ్లు గిల్టు నగల ఫొటోలు తీశాక

మాది మచిలీపట్నం. పక్కనే ఉన్న చిలకలపూడి నుంచి రోల్డ్ గోల్డ్ నగలు తెచ్చి వాట్సాప్‌లో అమ్ముతాను. మూడేళ్ల క్రితం ఫొటోల కోసం 40 సెంటీమీటర్ల మడత లైట్ బాక్స్ కొన్నాను. లోపల పైన ఎల్‌ఈడీ పట్టీ, పవర్ బ్యాంకుతో కూడా వెలిగే వైరు, ముందు ఫోన్‌కి ఒక రంధ్రం, తెలుపు నలుపు షీట్లు. అప్పటి నుంచి దాదాపు రోజూ వాడుతున్నాను.

దారం గాజులు, టెర్రకోట కమ్మలు లాంటి మెరుపు లేని వాటికి ఇది చక్కగా పనిచేస్తుంది. పెట్టాను, తీశాను, పంపాను, అంతే. చిక్కంతా మెరిసే గాజులతోనే మొదలైంది. పాలిష్ చేసిన లోహం అద్దం లాంటిది, ఎదురుగా ఏముంటే అదే చూపిస్తుంది. బాక్సులో ఎదురుగా ఉన్నవి ఎల్‌ఈడీ చుక్కలు కాబట్టి ప్రతి గాజు మీదా తెల్ల చుక్కల వరుస పడేది. వెలుతురు తగ్గించినా చుక్కలు పోలేదు, కాస్త మసకబారాయంతే.

పట్టీకి జానెడు కింద ట్రేసింగ్ పేపరు బిగించి కట్టాక అవి పోయాయి. అప్పుడు గాజుకి కనిపించేది చుక్కలు కాదు, వెలుగుతున్న కాగితం. పేపరు పట్టీకి మరీ దగ్గరగా ఉంటే చుక్కలు మళ్లీ తేలతాయి. అయితే చుట్టూ అంతా తెలుపే అయ్యేసరికి బంగారు రంగు పాలిపోయి, గాజు బల్లపరుపుగా కనిపించింది. అందుకని రెండు వేళ్ల వెడల్పున నల్ల చార్టు ముక్కలు కత్తిరించి, ఫొటోలో పడకుండా నగకి అటూ ఇటూ నిలబెట్టాను. అంచుల వెంట సన్నటి నల్ల గీత వచ్చి గాజు గుండ్రదనం తెలిసింది. నాకు అన్నింటికన్నా ఎక్కువ ఉపయోగపడింది ఈ రెండు చార్టు ముక్కలే. లెన్స్ ముందు పెట్టే పోలరైజర్ ఫిల్టరు కూడా కొన్నాను కానీ, లోహం మెరుపుని అది తగ్గించలేదు. రాళ్ల మీద, మీనా పని మీద మాత్రం పనిచేస్తుంది.

ఇక రంగు సంగతి. హైదరాబాద్‌ నుంచి ఒకావిడ కెంపుల నెక్లెస్ తీసుకుని వెనక్కి పంపారు. "ఫొటోలో ఇటుక రంగులో ఉంటే నా చీరకి సరిపోతుందనుకున్నానండీ, వచ్చింది చూస్తే ఎర్రగా ఉంది" అన్నారు. నెక్లెస్‌ని కిటికీ దగ్గర పెట్టి ఫొటో పక్కన చూశాను. ఆవిడ మాట నిజమే.

ముందు ఫోన్‌నే అనుమానించాను. వెలుతురు రంగుని అంచనా వేసి ఫోన్ తనంతట తానే రంగులు సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్, కింద పరిచిన గుడ్డ రంగుని బట్టి మారిపోతుంది. ఎర్ర వెల్వెట్ పరిస్తే వెలుతురే ఎర్రగా ఉందనుకుని ఫోన్ దాన్ని తగ్గిస్తుంది, దాంతో బంగారు రంగు ఆకుపచ్చ వైపు పోతుంది. అందుకే గదిలో ట్యూబ్‌లైట్ ఆపేసి, గ్రే కార్డు పెట్టి, ప్రో మోడ్‌లో కార్డు ఏ రంగూ లేని బూడిదగా కనిపించేదాకా వైట్ బ్యాలెన్స్ సరిచేసి, ఆ అంకె మార్చకుండా నెక్లెస్ తీశాను. మామూలు తెల్ల కాగితం దీనికి వద్దు, దానిలో కలిపే తెల్లదనపు రసాయనం వల్ల కొంచెం నీలంగా పడుతుంది.

లోహం రంగు సరిగ్గా వచ్చింది. కెంపులు మాత్రం ఇటుక రంగులోనే ఉన్నాయి. తప్పు లైటుదని అక్కడ తేలింది. చవక తెల్ల ఎల్‌ఈడీలో నీలి వెలుగు మీద పసుపు పూత ఉంటుంది, ముదురు ఎరుపు చాలా తక్కువ. వెలుతురులో లేని ఎరుపుని వైట్ బ్యాలెన్స్ తెచ్చిపెట్టలేదు. అది అన్ని రంగుల్నీ కలిపి ఒక పక్కకి జరుపుతుందంతే. లైటు కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పడానికి దాని డబ్బా మీద రాసే సీఆర్‌ఐ అంకె ఎనిమిది లేత రంగుల సగటు, ముదురు ఎరుపు ఆ లెక్కలోకి రాదు. దాన్ని ఆర్9 అని విడిగా చెప్తారు. కెంపులు అమ్మేవాళ్లు చూడాల్సింది అదే.

సీఆర్‌ఐ 95 ఉండి, ఆర్9 కూడా రాసిన బల్బు ఒకటి తెచ్చాను. బాక్సు పైమూత తీసేసి, అక్కడ ట్రేసింగ్ పేపరు పరిచి, బల్బుని దాని పైన వేలాడదీశాను. మళ్లీ గ్రే కార్డు పెట్టి అదే నెక్లెస్ తీస్తే కెంపు కెంపులాగే వచ్చింది. అయినా కొనేవాళ్ల ఫోన్‌లో రాత్రి పూట స్క్రీన్ పసుపుగా మారే సెట్టింగు ఉంటే ఆ తేడా మన చేతిలో లేదు. అందుకే ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర చేతిలో పట్టుకుని ఇంకో ఫొటో తీసి పంపుతాను.

మెరుపు లేని సరుకుకే అయితే ఈ బాక్సు ధైర్యంగా కొనుక్కోవచ్చు. కెంపులు, పగడాలు ఉన్న నగలకైతే బల్బు డబ్బులు కూడా కలిపి లెక్క వేసుకోండి. నా బాక్సులో ఎల్‌ఈడీ పట్టీ ఇప్పుడు దారం గాజులకే వెలుగుతోంది. పాత కెంపుల సెట్లన్నీ కొత్త బల్బు కింద మళ్లీ తీస్తున్నాను.